చుక్కలు పెట్టాం కదా, ఇంకా తప్పేంటి? (జాలరిపేట ఇంటర్వ్యూ గొడవ)

సాగరతీరం: పెద జాలరిపేటలో ఒక బోటు యజమాని వేట నిషేధం గురించి నాతో అన్న మాట ఇది: "వేట నిషేధం ఉండకూడదని మా పేటలో కొందరంటారు గానీ నేననను. ఆ రెండు నెలలూ సేప గుడ్డు పెట్టే కాలం, ఆపాల్సిందే. కాకపోతే భృతి డబ్బులు నిషేధం అయిపోయాక వస్తే మాకేటి లాభం? అప్పటికే వడ్డీకి తెచ్చేసుంటాం. ఏటా ఇలాగే చేస్తే మాకీ నిషేధం వద్దనే సెప్తాం." మా పత్రికలో అచ్చయింది ఇది: "వేట నిషేధం ఉండకూడద[ు]... మాకీ నిషేధం వద్దనే చెప్తాం." ఆయన ఫోన్ చేసి చాలా బాధపడ్డారు. చుక్కలు పెట్టాం కాబట్టి తప్పు లేదని డెస్కులో అంటున్నారు. తప్పా, కాదా?

రాజేష్, గాజువాక: నా దృష్టిలో తప్పు లేదు. ఒక్క మాట కూడా కొత్తగా కలపలేదు, అన్నీ ఆయన నోటి మాటలే. మధ్యలో ఏదో తీశామని చుక్కలే చెప్తున్నాయి. పేపర్లో జాగా ఉండదు, కత్తిరించక ఏం చేస్తారు? అమెరికా సుప్రీంకోర్టు కూడా 1991లో మాసన్ కేసులో కోట్‌లో మాటలు మారినంత మాత్రాన తప్పు కాదని తీర్పిచ్చింది.

పాత డెస్కు: రాజేష్ గారూ, ఆ తీర్పులో మీరు చెప్పింది సగమే. మాట మారడం ఒక్కటే అబద్ధానికి రుజువు కాదన్నారు నిజమే, కానీ అర్థం గణనీయంగా మారితే అది వేరే సంగతి అని కూడా అదే తీర్పులో ఉంది. పైగా అది పరువు నష్టం కేసు. కోర్టులో నిలబడుతుందా అన్నది ఒక ప్రశ్న, ఆ పెద్దాయనకు న్యాయం చేశామా అన్నది ఇంకో ప్రశ్న.

ఇక అసలు విషయం. తెలుగులో కత్తెర ఎక్కడ పడకూడదో మన వాక్యమే చెప్తుంది. మనకి "కాదు", "లేదు", "అనను" వాక్యం చివర వస్తాయి. "అని" కూడా మాట అయిపోయాకే వస్తుంది. కాబట్టి వాక్యం తోక కోసేస్తే, పక్కవాళ్ళ మాట కాస్తా చెప్పినాయన మాట అయిపోతుంది. ఇక్కడ జరిగింది సరిగ్గా అదే. "ఉండకూడదని కొందరంటారు గానీ నేననను" అన్నదాంట్లో "ని" దగ్గర కత్తెర పడింది. మిగిలిన "ద" వెనక "ఉ" కావాలి కాబట్టి బ్రాకెట్ పెట్టారు. ఆ బ్రాకెట్‌లో ఉన్నది ఒక్క అక్షరం, కానీ అదే ఆయన్ని అటు నుంచి ఇటు తిప్పేసింది.

రెండో కోత ఇంకా మెత్తగా పడింది. "ఏటా ఇలాగే చేస్తే" అన్న షరతు తీసేసి "వద్దనే చెప్తాం" ఉంచారు. "తే" ఉన్న ముక్కనీ దాని ఫలితాన్నీ విడదీయకూడదు. ఉంచితే రెండూ ఉంచాలి, తీస్తే రెండూ తీయాలి.

నేనైతే ఇలా కుదిస్తాను: "ఆ రెండు నెలలూ సేప గుడ్డు పెట్టే కాలం, ఆపాల్సిందే. కాకపోతే భృతి డబ్బులు నిషేధం అయిపోయాక వస్తే మాకేటి లాభం? [...] ఏటా ఇలాగే చేస్తే మాకీ నిషేధం వద్దనే సెప్తాం." రెండు వాక్యాలు పోయాయి, ఆయన పక్షం మాత్రం మారలేదు. "రెండు నెలలూ" పక్కన [ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా] అని పెట్టినా ఇబ్బంది లేదు. తూర్పు తీరంలో ఆ 61 రోజులే నిషేధం, అందులో మన ఊహ ఏమీ లేదు.

ఇంకొకటి. చుక్కల్ని బ్రాకెట్‌లో ఎందుకు పెట్టానంటే, తెలుగులో ఉత్త చుక్కలు చూస్తే మనవాళ్ళకి "ఇక్కడ ఏదో తీశారు" అని అనిపించదు. కథల్లో, సీరియళ్ళలో చదివీ చదివీ "మాట్లాడుతూ తటపటాయించాడు" అనుకుంటారు. చుక్కలే చెప్తున్నాయన్న రాజేష్ గారి వాదన అక్కడే వీగిపోతుంది.

రాజేష్, గాజువాక: "ని" సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్ని జాగ్రత్తలు పడేకంటే కోట్ ఎత్తేసి "నిషేధానికి అనుకూలమే గానీ భృతి ఆలస్యంపై అసంతృప్తి" అని మన మాటల్లో రాసేస్తే పోలేదా?

పాత డెస్కు: జాగా మరీ తక్కువైతే అదే మంచిది. కాకపోతే "వద్దనే సెప్తాం" అన్నదాంట్లో ఒక హెచ్చరిక ఉంది. "అసంతృప్తి" అంటే అది చల్లారిపోతుంది.

ఉమ, ఎంవీపీ కాలనీ: నాకు చుక్కలతో గొడవ లేదండీ, బ్రాకెట్లతోనే. మా అపార్ట్‌మెంట్ మీటింగులో లిఫ్ట్ రిపేరు గురించి నేను "వాళ్ళు కట్టకపోతే మనమెందుకు కట్టాలి" అన్నాను. వాళ్ళంటే బిల్డర్ తరఫువాళ్ళు. మినిట్స్‌లో "[అద్దెకున్నవాళ్ళు] కట్టకపోతే" అని రాశారు. మా పై అంతస్తులో అద్దెకుండే ఆవిడ 3 వారాలు నాతో మాట్లాడలేదు. వివరంగా ఉంటుందని పెట్టామన్నారు రాసినవాళ్ళు. దీనికేమంటారు?

పాత డెస్కు: ఉమ గారూ, మీది ఇంకో రకం తప్పు. తెలుగులో "వాళ్ళు" ఎవరో, ఒక్కోసారి కర్త ఎవరో కూడా, ముందు నడిచిన మాటలోనే ఉంటుంది. బ్రాకెట్ నింపేముందు రికార్డింగ్‌లోనో నోట్సులోనో వెనక్కి వెళ్ళి ఆ పేరు దొరికితేనే రాయాలి. దొరకకపోతే మిమ్మల్ని అడగాలి. అడిగే వీలు లేకపోతే "వాళ్ళు" అనే వదిలేయాలి. మీ వాక్యంలో "మనం" అన్న మాట కూడా చూడండి. "మేము" అనలేదు మీరు. అద్దెకున్నవాళ్ళూ వింటున్న మీటింగులో "మనం" అంటే వాళ్ళనీ కలుపుకున్నట్టేగా. ఆ ఒక్క మాట గమనించినా రాసినాయనకి అనుమానం రావాల్సింది.

ఉమ, ఎంవీపీ కాలనీ: అవునండీ! వచ్చే మీటింగులో ఈ "మనం" సంగతే చెప్తాను.

భీమిలి గాలి: అందరూ ఒకటి వదిలేశారు. ఆయన "సెప్తాం" అన్నారు, పేపర్లో "చెప్తాం" అని వచ్చింది. దానికి బ్రాకెట్టూ లేదు, చుక్కా లేదు. మా యాసని దిద్దేయడం కూడా మాట మార్చడమే. "ఏటి" అన్నది మిగిలి ఉంటే దాన్నీ "ఏమి" చేసేవారే.

పాత డెస్కు: దీని మీద మా డెస్కులోనే ఎప్పుడూ ఏకాభిప్రాయం లేదండీ. ఉన్నదున్నట్టు రాస్తే మనిషి కళ్ళముందు కనిపిస్తాడు, నాకు అదే ఇష్టం. కానీ అదే పేజీలో ఒక అధికారి యాసని దిద్ది, జాలరి యాసని మాత్రం అలాగే ఉంచితే ఆయన్ని చిన్నచూపు చూసినట్టవుతుంది. ఉంచితే అందరిదీ ఉంచాలి.

భీమిలి గాలి: అధికారిది దిద్దడం మానేయండి మరి. దిద్దితే అర్థం మారదంటారు గానీ, ఎవరు మాట్లాడారో అది మారిపోతుంది.

సాగరతీరం: పాత డెస్కు గారు కుదించిన కోట్ నిన్న సాయంత్రం పేటకి వెళ్ళి ఆయనకి చదివి వినిపించాను. వల బాగుచేసుకుంటూ మొత్తం విన్నారు. "నేనన్నదే ఇది. గానీ వడ్డీ మాట ఏది బాబూ?" అన్నారు. చుక్కల్లో పోయిన వాక్యం "అప్పటికే వడ్డీకి తెచ్చేసుంటాం" అన్నదే కదా. అర్థం మారదు కాబట్టి తీశామని చెప్పాను. "భృతి లేటయితే ఏటవుతుందో సెప్పింది అక్కడే. అది తీసేత్తే ఊరికే డబ్బులడిగినట్టుంటాది" అన్నారు.

సవరణలో ఆ వాక్యం పెడుతున్నాం. మొదటి వాక్యం ఒక్కటే తీశాం. కోట్ దాని తర్వాతే మొదలవుతుంది కాబట్టి ఇప్పుడు చుక్కల అవసరమే రాలేదు. "సెప్తాం" దగ్గర మాత్రం డెస్కు ఇంకా ఒప్పుకోలేదు, రేపు మళ్ళీ అడుగుతాను.