రెండు నష్టాల తర్వాత యూపీఐ దారి ఎట్ల మూయాలె?

మాది నల్లగొండ. నిఫ్టీ ఆప్షన్స్‌ల ట్రేడుకు 1,500, రోజుకు 3,000 రూపాయల నష్టం దాటొద్దని నియమం. 9:40కి కాల్‌ల స్టాప్‌లాస్ తగిలితే, మూడు నిమిషాలల్ల రెట్టింపు లాట్లతో పుట్ కొంటున్న, అదీ స్టాప్‌లాస్ లేకుండ. పోయినవారం అట్ల 1,500 కాస్త 11,000 అయింది.

ఆపుకుందామని పావుగంట బయట నడిచిన, ఫోన్ జేబులనే ఉండె. కిల్ స్విచ్ ఉంది గానీ, నష్టం కండ్ల ముందుంటే నొక్కబుద్ధి కాదు. ట్రేడింగ్ ఖాతాల 6,000 మాత్రమే ఉంచిన. అది అయిపోంగనే యూపీఐతోని క్షణంల పైసలు వేస్తున్న. అసలు చిక్కు ఇక్కడనే.

లింకైన బ్యాంకు ఖాతా ఖాళీగ పెట్టినా, ఇంకో ఖాతా నుంచి పంపుకుంటున్న. మార్కెట్ నడిచే 9:15 నుంచి 3:30 దాకా నేనే తెరవలేనట్టు ఈ దారి మూసినవాళ్లున్నరా, ఎట్ల మూసిన్రు?