అప్‌డేట్: ఓపీ, ఐపీ పేషెంట్ల స్పెషలైజేషన్ చిక్కు విడింది

నా పాత ప్రశ్న: "అమలాపురం ఆసుపత్రి డేటాబేస్ కేస్ స్టడీకి గీసిన ఈఆర్ డయాగ్రమ్‌లో పేషెంట్‌ని ఓపీ, ఐపీ అని డిస్‌జాయింట్‌గా విడగొట్టాను. జ్వరానికి ఓపీలో చూపించుకున్నాయన మర్నాడు అడ్మిట్ అయితే ఎందులో పెట్టాలి?"

సలహాలిచ్చినవాళ్లందరికీ థాంక్స్. "ఓపీ, ఐపీ అనేవి మనిషి రకాలు కావు, విజిట్ రకాలు" అన్న మాటే పనిచేసింది. ఇప్పుడు పేషెంట్ ఒక్కడే, అతనికి విజిట్లు ఎన్నైనా. స్పెషలైజేషన్ విజిట్ మీదకి మారింది: డిస్‌జాయింట్, టోటల్. ఆయన ఓపీ విజిట్ ఒక వరుస, మర్నాటి అడ్మిషన్ ఇంకో వరుస. ఓవర్‌ల్యాపింగ్‌గా మార్చి చూశాను గానీ, ఏ తేదీన ఏది అన్నది అందులో తెలియదు.

పర్సన్ కింద స్టాఫ్, పేషెంట్ మాత్రం ఓవర్‌ల్యాపింగే. మన నర్సమ్మకీ జ్వరం వస్తుందిగా!

బెడ్ దగ్గర, ఐపీ విజిట్ వైపు టోటల్ పార్టిసిపేషన్, బెడ్ వైపు పార్షియల్, ఎందుకంటే ఖాళీ మంచాలూ ఉంటాయి. ఐపీ విజిట్ టేబుల్‌లో అది ఇలా దిగింది:

```sql
bed_no INT NOT NULL REFERENCES bed(bed_no)
```

దీనికి `UNIQUE` కూడా తగిలించి దెబ్బతిన్నాను: డిశ్చార్జ్ అయ్యాక అదే మంచం ఇంకొకరికి ఇవ్వనివ్వలేదు. తీసేశాను. మధ్యలో వార్డు మారిస్తే పాత మంచం వివరం పోతుంది, దానికి తేదీలతో వేరే టేబుల్ కావాలి.