బానిసల వ్యాపారం 1807లోనే ఎందుకు ఆగింది? దయ వల్లా, లెక్క వల్లా?

రెడింగ్ అమ్మ:
మా అబ్బాయి ఇక్కడ ఇంగ్లండ్‌లో తొమ్మిదో క్లాసు. హిస్టరీలో ఎస్సే ఇచ్చారు: బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని రద్దు చేయడానికి ఎక్కువ కారణం నైతిక ఉద్యమమా, ఆర్థిక ప్రయోజనమా? వాడు పార్లమెంట్‌లో ఈ రద్దు కోసం పోరాడిన విల్బర్‌ఫోర్స్ మంచివాడని ఒక పేజీ, చక్కెర రేటు పడిపోయిందని ఒక పేజీ రాసి, చివర్లో "రెండూ కారణాలే" అని పెట్టాడు. టీచరు "ఏది ఎక్కువో తేల్చు" అని తిప్పి పంపారు. శుక్రవారం ఇవ్వాలి. తెలిసినవాళ్లు తెలుగులో చెబితే నేను వాడికి చెప్పుకుంటాను.

నిక్కచ్చి:
ఇందులో తేల్చడానికి ఏముందండీ. లాభం ఉన్నన్నాళ్లూ పార్లమెంట్ ఈ గోల చెవిన పెట్టలేదు. యంత్రాలొచ్చి బానిసల అవసరం తీరిపోయింది, కరీబియన్ దీవుల చక్కెర కొనేవాడు లేక పేరుకుపోయింది, అప్పుడు వీళ్లకి హఠాత్తుగా దయ పుట్టింది. చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్ 1944లోనే ఈ లెక్క విప్పి చెప్పాడు. తర్వాత ట్రినిడాడ్ ప్రధాని అయ్యాడు చూడండి, ఆయనే. మీ వాడిని మొదటి పేజీ చింపేసి రెండో పేజీ పెంచమనండి.

వీధరుగు:
రద్దు చేసింది అబ్రహాం లింకన్ కదా? 1863. వాళ్లలో వాళ్లకి యుద్ధం కూడా అయింది. బ్రిటన్ మధ్యలో ఎక్కడి నుంచి వచ్చింది?

పాత రిజిస్టర్:
వీధరుగు గారూ, మీరు చెప్పేది అమెరికాలో బానిసత్వం సంగతి. ఇక్కడ అడిగింది బ్రిటిష్ ఓడలు ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకెళ్లి అమ్మడం ఎందుకు ఆపాయని. 1807 చట్టం ఆ రవాణానే ఆపింది. అప్పటికే జమైకాలోనో బార్బడోస్‌లోనో ఉన్నవాళ్లు ఆ తర్వాత కూడా బానిసలే. వాళ్ల విడుదలకి చట్టం 1833లో వచ్చింది. రెడింగ్ అమ్మ గారూ, మీ అబ్బాయి ఈ రెండూ కలిపేయకుండా చూడండి, చాలామంది పిల్లలు అక్కడే దొరికిపోతారు.

నిక్కచ్చి గారి మాటలో సగం నిలబడుతుంది. యంత్రాల మాట మాత్రం నిలబడదు. మాంచెస్టర్‌లో మిల్లులు పెరిగేకొద్దీ పత్తి ఇంకా ఎక్కువ కావాల్సొచ్చింది, ఆ పత్తిలో ఎక్కువ భాగం బానిసలు ఏరిందే. అదే మాంచెస్టర్ నుంచి 1788లో పది వేల మందికి పైగా సంతకాలు పెట్టి, ఈ వ్యాపారం ఆపండని పార్లమెంట్‌కి అర్జీ పంపారు. లాభం కోసం చేశారనడానికి అందులో లాభం ఎక్కడుంది?

చక్కెర పేరుకుపోయిన మాట నిజమే. 1807 నాటికి తోటల యజమానులు పార్లమెంట్ ముందు లబోదిబోమంటున్నారు. కానీ తోటకి నష్టం రావడం వేరు, మనుషుల్ని తెచ్చి అమ్మే ఓడకి నష్టం రావడం వేరు. 1807 మే 1 తర్వాత ఏ ఓడకీ ఈ పని మీద బయల్దేరే అనుమతి ఇవ్వకూడదని చట్టం. లివర్‌పూల్‌లో 'కిటీస్ అమీలియా' అనే ఓడకి గడువులోపే కాగితాలు చేయించి పెట్టుకున్నారు, అది జులై చివర్లో ఆఫ్రికాకి బయల్దేరింది. లాభం లేని వ్యాపారమైతే ఇంత తంటా ఎవడు పడతాడు? సీమోర్ డ్రెషర్ అనే చరిత్రకారుడు 1977లో విలియమ్స్‌కి ఇచ్చిన జవాబు సారం కూడా ఇదే. బ్రిటన్ పాడుబడ్డ వ్యాపారాన్ని వదల్లేదు, కాసులు రాలుస్తున్న చెట్టుని నరుక్కుంది అంటాడు.

నిక్కచ్చి:
అయితే అంతా మంచితనమే అంటారా మాస్టారూ? మీ దారిలోనే వస్తాను. జనంలో ఆవేశం బాగా ఎక్కువగా ఉన్నది 1792లో. ఆ ఒక్క ఏడాదే 519 అర్జీలు, దాదాపు 3,90,000 సంతకాలు. బానిసలు పండించిన చక్కెర మాకొద్దని టీలో చక్కెర మానేసిన ఇళ్లు లెక్కలేనన్ని. మరి ఏమైంది? మంత్రి హెన్రీ డండాస్ లేచి రద్దు తీర్మానంలో "క్రమంగా" అనే ఒక్క మాట ఇరికించాడు, కామన్స్ సభ హాయిగా తలూపింది, ప్రభువుల సభ దాన్ని అటకెక్కించింది. 1796లో మళ్లీ పెడితే 74కి 70, నాలుగు ఓట్లతో పోయింది. మద్దతు ఇవ్వాల్సిన మెంబర్లు కొందరు ఆ రాత్రి ఆపెరా చూడ్డానికి పోయారు! ఇదండీ మీ నైతికత.

పాత రిజిస్టర్:
ఇది అసలైన దెబ్బ, ఒప్పుకుంటాను. అందుకే మీ అబ్బాయి ప్రశ్నని కొంచెం తిప్పుకోవాలమ్మా. "ఎందుకు రద్దయింది" అని కాకుండా "1792లో కానిది 1807లో ఎలా అయింది" అని అడిగితే, ఏది ఎక్కువో తూచడానికి ఒక తక్కెడ దొరుకుతుంది.

1792 తర్వాత ఫ్రాన్స్‌లో రాజు తల తెగింది. ఫ్రెంచి దీవి సెయింట్ డొమింగ్‌లో బానిసల తిరుగుబాటు అప్పటికే ఏడాదిగా మండుతోంది. బ్రిటన్‌లో జనం సంతకాలు పోగేస్తే చాలు, విప్లవకారులని ముద్ర పడేది. ఉద్యమం పదేళ్లకు పైగా నీరసించిపోయింది.

తర్వాత దాన్ని లేపినవాడు జేమ్స్ స్టీఫెన్, విల్బర్‌ఫోర్స్ బావగారు. సెయింట్ కిట్స్ దీవిలో లాయరుగా పనిచేసి, అక్కడి ఘోరం కళ్లారా చూసి వచ్చిన మనిషి. ఓడల చట్టాలు కొట్టిన పిండి. నెపోలియన్‌తో యుద్ధం నడుస్తుంటే ఆయన ఒక ఎత్తు వేశాడు. బానిసల పేరెత్తకుండా, శత్రువు పేరెత్తాడు. మన ఓడలే ఫ్రెంచి దీవులకి కూలీలని చేరవేస్తున్నాయి, శత్రువు తోటలని మనమే పెంచుతున్నాం, ఇదేం యుద్ధం అన్నాడు. 1806లో ప్రభుత్వ న్యాయవాదే ఆ బిల్లు పెట్టాడు. విదేశీ వలసలకీ, యుద్ధంలో కొత్తగా గెల్చుకున్న వలసలకీ బ్రిటిష్ వాళ్లు బానిసలని చేర్చకూడదు అని. చూడ్డానికి అచ్చం యుద్ధ బిల్లు. విల్బర్‌ఫోర్స్ జట్టు కావాలనే పెద్దగా నోరు విప్పలేదు.

పాత దీవుల తోటల యజమానుల్లో చాలామందికి కూడా ఇది చేదు కాలేదు. డెమెరారా లాంటి కొత్త చోట్ల నేల సారవంతం, అక్కడికి మనుషులు చేరితే వీళ్ల చక్కెర ఇంకా చవకైపోతుంది. పక్కవాడికి కూలీలు దొరక్కపోతే వీళ్లకి మంచిదే కదా. బిల్లు గట్టెక్కింది. దాంతో వ్యాపారంలో సగానికి పైగా మూతపడింది. మరుసటి ఏడాది మిగిలినదాన్ని ఆపే చట్టం కామన్స్‌లో 283కి 16తో నెగ్గింది. ఇరవై ఏళ్లు గెలవని వాదన పదిహేడు రెట్లతో గెలవడం ఒక్క రోజులో జరిగిన మనసు మార్పు కాదు.

కాబట్టి నా మాట ఇది. ఆ పని చేయాలన్న పట్టుదల నైతిక ఉద్యమానిది. 1806లో తలుపు తెరిచింది లాభనష్టాల లెక్క. ఆ లెక్క సభ ముందు పెట్టినవాడు ఉద్యమం మనిషే కాబట్టి, నేనైతే ఉద్యమాన్నే ముందు రాస్తాను.

కోరంగి మనవడు:
మా ముత్తాత తండ్రి విశాఖ వైపు నుంచి మారిషస్ చెరకు తోటలకి పోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అక్కడ తెలుగువాళ్లని ఇప్పటికీ కోరంగీలనే అంటారు, మన కోరంగి రేవు పేరే. ఈ చర్చలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. అంత దయ ఉన్నవాళ్లు బానిసలని విడిచిపెట్టగానే 1834 నుంచి మనవాళ్లని ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేయించి ఓడలెక్కించారే? మారిషస్‌కి ఒక్కదానికే నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. యజమానులకి రెండు కోట్ల పౌన్ల పరిహారం ఇచ్చారు, బానిసలకి పైసా ఇవ్వలేదు. ఇది కూడా ఎస్సేలో రాయాలి కదా?

పాత రిజిస్టర్:
మీ బాధలో న్యాయం ఉందండీ, కానీ అది 1833 చట్టం తర్వాతి కథ. 1807కి సాక్ష్యంగా పెడితే టీచరు కొట్టేస్తారు. ఒక్క వాక్యం మాత్రం రాయొచ్చు: ఉద్యమం ఎంత గట్టిగా ఉన్నా తోటలకి కూలీలు కావాలన్న ఒత్తిడి పోలేదు అని.

రెడింగ్ అమ్మ:
అన్నీ వాడికి చదివి వినిపించాను. వాడి డౌటు: ఉద్యమం వాళ్లే లాభం సంగతి మాట్లాడితే, వాళ్లని నైతికం అనే లెక్కలో వేయాలా, ఆర్థికం లెక్కలో వేయాలా? నాకు జవాబు తోచలేదు.

పాత రిజిస్టర్:
పిల్లాడు భలే పట్టుకున్నాడు! ఉద్యమం కోసం సాక్ష్యాలు పోగేసిన థామస్ క్లార్క్‌సన్ దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేదని చెప్పండి. 1787లో ఆయన బ్రిస్టల్, లివర్‌పూల్ రేవుల్లో తిరిగి నావికులని ప్రశ్నలడిగాడు. లివర్‌పూల్‌లో ఒక కొట్లో చేతి సంకెళ్లు, కాళ్ల సంకెళ్లు, బొటనవేలు నలిపే మర కొన్నాడు. అన్నం మానేసిన బానిసల నోరు బలవంతంగా తెరిచే ఇనుప పరికరం కూడా కొన్నాడు. ఇవి చూపిస్తే ఎవరికైనా కడుపు తిప్పుతుంది. అది నైతిక వాదన.

కానీ ఆయన పెట్టెలోని అరల్లో ఏనుగు దంతం, మిరియాలు, రకరకాల కర్రముక్కలు, బంక, ఆఫ్రికన్లు నేసి రంగులద్దిన బట్టలు కూడా ఉండేవి. మనుషుల్ని కొనే బదులు ఇవి కొనుక్కుంటే మీకూ లాభమే అని వ్యాపారులకి, మంత్రులకి చూపించేవాడు. అది చాలక ఓడల హాజరు పట్టీలు వెతికాడు. ఈ వ్యాపారం మన నావికాదళానికి బడి లాంటిదని అవతలివాళ్లు గొప్పలు పోయేవారు. బడి కాదు, వల్లకాడు అని చచ్చిపోయిన బ్రిటిష్ నావికుల లెక్కతో చూపించాడు.

1806 జూన్‌లో మంత్రి ఫాక్స్ పార్లమెంట్‌లో పెట్టిన తీర్మానంలోనూ ఇదే కలగలుపు. ఈ వ్యాపారం న్యాయానికి, మానవత్వానికి, మంచి విధానానికి, అంటే దేశ ప్రయోజనానికి, విరుద్ధం అన్నాడు. మూడూ ఒకే ఊపిరిలో. మీ వాడు ఆ తీర్మానాన్ని ఒక పేరాలో విప్పితే టీచరు అడిగిన తూకం అక్కడే వస్తుంది.

నిక్కచ్చి:
సరే, ఒక మెట్టు దిగుతాను, యంత్రాల మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ డెన్మార్క్ సంగతేంటి? బ్రిటన్ కంటే ముందే, 1792లో రాజాజ్ఞ ఇచ్చారు, 1803 నుంచి అమలు. అక్కడ లక్షల సంతకాలు లేవు, టీలో చక్కెర మానిన ఇళ్లూ లేవు. ఆ పని నడిపించిన అక్కడి ఆర్థిక మంత్రి షిమెల్‌మన్‌కి స్వయంగా తోటలూ బానిసలూ ఉన్నారు. పదేళ్ల గడువెందుకు? ఆ లోపు ఆడవాళ్లని ఎక్కువగా తెచ్చుకుంటే, ఇకపై పిల్లలు అక్కడే పుడతారు, కొత్తగా కొనక్కర్లేదని. ఉద్యమం లేని చోట కూడా రద్దయిందంటే మీ తక్కెడ ఎటు మొగ్గుతుంది?

పాత రిజిస్టర్:
బ్రిటన్ రేపో మాపో ఆపేస్తుంది, ఆ తర్వాత మనకీ తప్పదు అన్న అంచనా కూడా డెన్మార్క్ లెక్కలో ఉందండీ. ఆ అంచనా పుట్టించింది ఎవరి అర్జీలు? కానీ ఆడవాళ్ల సంగతికి నా దగ్గర జవాబు లేదు. అది పచ్చి లెక్కే.

రెడింగ్ అమ్మ:
వాడు డెన్మార్క్ పట్టుకుని కూర్చున్నాడు. 1806 బిల్లు ముందు పెట్టి, డెన్మార్క్‌ని చివర్లో "కానీ" అంటూ పెడతాడట. 800 పదాలు దాటకూడదు, కోరంగి గారి వాక్యానికి చోటు ఉంటుందో లేదో చూడాలి.