ఈఎఫ్ నార్మల్ అన్నారు, మరి ఆర్‌వీఎస్‌పీ 60 ఏమిటి?

స్వాతి (గాజువాక): మా అమ్మకి 54 ఏళ్లు. కొన్ని నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. మేముండేది రెండో అంతస్తు. మొదటి మలుపు దగ్గరే రెయిలింగ్ పట్టుకుని ఆగిపోతోంది. వంటవగానే మంచం మీద వాలిపోతోంది. హిమోగ్లోబిన్ 12, థైరాయిడ్ బాగుంది, ఇన్‌హేలర్‌తో తేడా లేదు. ఎకో తీయిస్తే ఈఎఫ్ 64%, మైల్డ్ టీఆర్, టీఆర్ వెలాసిటీ 3.6, ఆర్‌వీఎస్‌పీ 60, కుడి గదులు పెద్దవయ్యాయి అని రాశారు. రిపోర్టు చూసినవాళ్లు పంపింగ్ బాగుంది, భయం లేదన్నారు. మరి ఆయాసం ఎందుకు?

రాజు: అది లంగ్స్‌లో బీపీ అండి. ఉప్పు తగ్గించి, బీపీ మాత్ర డోసు పెంచితే సర్దుకుంటుంది.

స్వాతి: చేతికి చూస్తే అమ్మ బీపీ 110/70 అన్నయ్యా. ఏ మాత్రా వాడటం లేదు.

సత్యవతి (కార్డియాలజీలో చేసి రిటైరయ్యాను): రాజు గారూ, లంగ్స్‌లో ప్రెషర్ అన్నది నిజమే. కానీ చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. 110 ఉన్న మనిషికి మామూలు బీపీ మాత్ర వేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

స్వాతీ, ఈఎఫ్ చెప్పేది గుండెలో ఎడమ కింది గది పంపింగ్ సంగతి. అమ్మ కష్టం కుడివైపున కనిపిస్తోంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోతే కుడి కింది గది చాలా బలంగా తోయాలి. కూర్చున్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. మెట్లెక్కేటప్పుడు రక్తప్రవాహం బాగా పెరగాలి, అది పెరగదు. ఎడమవైపుకి వచ్చేదే తక్కువ. వచ్చినంతా ఆ గది చక్కగా పంపు చేస్తుంది కాబట్టి ఈఎఫ్ 64 అనే పడుతుంది. కానీ కాళ్ల కండరాలకు అందేది చాలదు. అందుకే ఆయాసంతో పాటు నీరసం.

స్వాతి: మరి టీఆర్ మైల్డ్ అని రాశారు కదా ఆంటీ?

సత్యవతి: చాలామంది అక్కడే ఊరట పడిపోతారు. టీఆర్ అంటే కుడి పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న వాల్వ్ లీకు. మైల్డ్ అన్నది లీకయ్యే రక్తం ఎంతన్నదాని గురించి. వేగం వేరే లెక్క. పైపుకి సూదిబెజ్జం పడినా, లోపల ప్రెషర్ ఉంటే నీళ్లు గోడదాకా చిమ్ముతాయి కదా. అమ్మ లీకు కొంచెమే, కానీ సెకనుకు 3.6 మీటర్ల వేగంతో వస్తోంది. ఆ వేగం నుంచే ప్రెషర్ లెక్కగడతారు: 4 × 3.6 × 3.6 = 51.84. దానికి కుడి పై గదిలో ప్రెషర్ కలుపుతారు. పొట్టలోని పెద్ద సిర ఎంత లావుగా ఉంది, ఊపిరి పీల్చినప్పుడు ఎంత ముడుచుకుంటోంది అన్నది చూసి దాన్ని అంచనా వేస్తారు. అమ్మకి 8 వేసుకుంటే ఆర్‌వీఎస్‌పీ, అంటే కుడి కింది గది ప్రెషర్, దాదాపు 60 వచ్చింది. అంటే 60 అన్నది నేరుగా కొలిచింది కాదు. అందుకే నేను వేగాన్నే ముందు చూస్తాను. 3.4 దాటితే అనుమానం గట్టిదే. గదులు కూడా పెద్దవయ్యాయంటే ఇంకా గట్టిది.

ఆనందరావు: అమ్మా, నాకు 68. చెకప్‌లో ఆర్‌వీఎస్‌పీ 37 అని రాశారు. అప్పట్నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు. సింహాచలం మెట్లు మాత్రం ఎక్కేస్తున్నాను. నాకూ ఇదేనా?

సత్యవతి: వెలాసిటీ ఎంత రాశారు?

ఆనందరావు: 2.7. మిగతావన్నీ నార్మల్.

సత్యవతి: 2.8 లోపే ఉంది, కుడి గదులు మామూలుగా ఉన్నాయి, ఆయాసం లేదు. మీది వేరే కథ అన్నయ్యగారూ, నిద్రపోండి.

స్వాతీ, ఇప్పుడు కారణం వెతకాలి. ఎక్కువమందిలో ఎడమ గుండె జబ్బే మూలం. ఎడమ పై గది సైజు, మైట్రల్ వాల్వ్ గురించి ఏం రాశారు? ఎప్పుడైనా కాలు వాచిందా?

స్వాతి: అవి రెండూ నార్మల్. రెండేళ్ల క్రితం గర్భసంచి ఆపరేషన్ తర్వాత ఎడమ కాలు వాచి, గడ్డ కట్టిందని కొన్నాళ్లు రక్తం పలచబడే మందు ఇచ్చారు.

సత్యవతి: ఈ మాట డాక్టరుకి మొదటే చెప్పండి. పాత గడ్డలు ఊపిరితిత్తుల్లో చేరి కరగకుండా ఉండిపోయాయేమో తేల్చుకోవాలి. ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి అందుతున్నాయో చూపే వీక్యూ స్కాన్ అవసరమా అని అడగండి.

రాజు: సీటీ చాలదా? మా బాబాయికి సీటీలోనే తేలింది.

సత్యవతి: కొత్త గడ్డకి సీటీ బాగా పనికొస్తుంది. నాళం గోడకి అతుక్కుపోయిన పాతవి అందులో తప్పిపోవచ్చు. వీక్యూ నార్మల్ వస్తే మాత్రం ఆ అనుమానం దాదాపు పోయినట్టే.

రాజు: స్కాన్లన్నీ అయ్యేదాకా ఆగడమెందుకు? బాబాయికి ఇచ్చిన సిల్డెనాఫిల్ మొదలుపెడితే పోలా?

సత్యవతి: ఎడమ గుండె వల్ల వచ్చిన ప్రెషరైతే, ఊపిరితిత్తుల నాళాలు తెరిచే మందు అక్కడ నీరు చేర్చి ఆయాసం పెంచవచ్చు. ఎకో అనుమానం వరకే తెస్తుంది. తొడ దగ్గరో మెడ దగ్గరో సిరలోంచి సన్నని గొట్టం పంపి కొలిస్తే సగటు ప్రెషర్ 20 దాటిందా లేదా తెలుస్తుంది. దోషం ఎడమవైపుదా కాదా అన్నది కూడా అందులోనే చాలావరకు తేలుతుంది.

స్వాతి: గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. కాథెటర్ అంటే అమ్మ ఒప్పుకుంటుందో లేదో. ఈలోగా మెట్లు ఎక్కొచ్చా? లిఫ్ట్ లేదు.

సత్యవతి: తప్పనిసరైతే మలుపు దగ్గర ఒక కుర్చీ వేయండి, కూర్చుని కూర్చుని ఎక్కమనండి. మెట్ల మీద కళ్లు చీకట్లు కమ్మినా, స్పృహ తప్పినా, ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా గురువారం దాకా ఆగొద్దు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఇప్పుడు ఆ కాలు వాపు ఉందా?

స్వాతి: సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బుతున్నాయి. చెప్పుల పట్టీల గుర్తులు పడుతున్నాయి.

సత్యవతి: రెండూ అంటే కుడి గుండె అలిసిపోతోందేమో. ఆసుపత్రికి రేపే ఫోన్ చేసి, ముందుగా చూస్తారేమో అడగండి.