“ఇకపై ఆలస్యం కాకుండా చూసుకుంటాను” అన్న వాక్యం హామీ అవుతుందా?

సుజాత, విజయవాడ:
సభ్యులందరికీ నమస్కారం. మా రెండేళ్ల బాబును పగటిపూట ఉంచే క్రెష్‌ను సాయంత్రం 6.30కి మూసివేస్తారు. సెప్టెంబరు 30న బ్యాంకులో అర్ధ సంవత్సరపు ఖాతాల ముగింపు పని తెమలకపోవడంతో నేను అక్కడికి చేరేసరికి 7.15 అయింది. అంతసేపూ ఒక ఆయా ఇంటికి వెళ్లకుండా బాబు దగ్గర కూర్చోవలసి వచ్చింది. డైరెక్టరు గారు ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినవారు. జరిగినదీ, ఇకపై చేయబోయే ఏర్పాటూ తెలుగులోనే రాసి ఇవ్వమన్నారు. నేను రాసుకున్న చిత్తుప్రతి ఇది:

“నిన్న సాయంత్రం అనివార్య కారణాల వలన ఆలస్యమైనందుకు చింతిస్తున్నాను. ఇకపై ఆలస్యం కాకుండా చూసుకుంటాను. ఒకవేళ ఆలస్యం అయ్యేటట్లుంటే మా వాళ్లెవరైనా ఆరున్నర వరకు వస్తారు. దయచేసి మన్నించగలరు.”

ఇందులో “చూసుకుంటాను” అన్న మాట బలహీనంగా ఉందనిపిస్తోంది. దాని బదులు “హామీ ఇస్తున్నాను” అనాలా, “మాట ఇస్తున్నాను” అనాలా? పెద్దలు చెప్పండి.

శర్మ, రాజమహేంద్రవరం:
అమ్మా, ముందు “చింతిస్తున్నాను” తీసివేయండి. రైలు ఆలస్యమైన ప్రతిసారీ “అసౌకర్యానికి చింతిస్తున్నాము” అని స్టేషన్లలో విని విని ఆ మాటలో పశ్చాత్తాపం ఎవరికీ వినిపించడం లేదు. రెండవది, “ఆలస్యమైనందుకు” అన్నప్పుడు ఆలస్యం దానంతటదే అయిపోయినట్లుంటుంది, కర్త కనబడడు. “నేను ఆలస్యంగా వచ్చినందుకు” అనండి. మూడవది, “మన్నించగలరు” అనడం తప్పు. “గలరు” అనేది సామర్థ్యాన్ని మాత్రమే చెబుతుంది. మన్నించే శక్తి మీకు ఉన్నదని ఆవిడకు చెప్పవలసిన పని లేదు కదా. “మన్నించండి” అంటే చాలు. ఇక హామీయా, మాటా అన్నదానికి వస్తే, “మాట ఇస్తున్నాను” అన్నదే మన తెలుగుదనం.

వెంకటరావు, గుంటూరు:
ఆలస్య రుసుము మాఫీ చేయించుకోవాలంటే ఉత్తరం ఇంత మెత్తగా ఉండకూడదు. బ్యాంకు మేనేజరు గారి చేత ధ్రువపత్రం ఒకటి తీసుకొని జతచేయండి. సెప్టెంబరు 30 ముగింపు పని అందరికీ తెలిసినదే కనుక కాదనలేరు.

సుజాత, విజయవాడ:
వెంకటరావు గారూ, నేను రుసుము గురించి అడగడం లేదండి. అది ఆ రోజే కట్టేశాను. ఉత్తరం ఎలా ఉండాలన్నదే నా ప్రశ్న.

రమాదేవి, హైదరాబాదు:
నేను చాలాకాలం క్రెష్ నడిపాను. ఇలాంటి ఉత్తరాలు అందుకునే వైపు కూర్చున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. సుజాత గారూ, “చూసుకుంటాను” బదులు “హామీ ఇస్తున్నాను” రాసినా, “మాట ఇస్తున్నాను” రాసినా ఆ వాక్యం బలం ఏమీ పెరగదు, ఎందుకంటే బలహీనత ఉన్నది దాని తరువాతి వాక్యంలో. “ఆలస్యం అయ్యేటట్లుంటే” అన్నారు. అయ్యేటట్లున్నదని ఎవరు, ఎన్ని గంటలకు తేల్చుతారు? పని ఒత్తిడిలో ఉన్న తల్లికి ఆరుంబావు దాకా “ఇదిగో, బయలుదేరుతున్నాను” అనే అనిపిస్తుంది. ఆలస్యం అవుతుందని ఒప్పుకునే సమయానికి ఆలస్యం అయిపోయే ఉంటుంది. ఫోన్లు ఆరూ నలభైకి వచ్చేది అందుకే.

తెలుగులో “ఉంటే, అయితే, రాకపోతే” వంటి షరతు క్రియలు రెండు విధాలుగా వాడవచ్చు. “అయ్యేటట్లుంటే” అనేది అంచనా మీద ఆధారపడిన షరతు. “ఆరు గంటలకు నేను ఇంకా బ్యాంకులోనే ఉంటే” అనేది గడియారం చూసి తేల్చగల షరతు. రెండవ దానిలో మీ మనసుకు తర్జనభర్జన పడే వీలే ఉండదు. ఆరు అయింది, మీరు కుర్చీలోనే ఉన్నారు, అంటే మరొకరు బయలుదేరాలి. డైరెక్టరు గారు కూడా ఆరూ ఐదుకు మీ నుంచి ఫోన్ రాలేదంటే మీరు దారిలో ఉన్నారని నమ్మకంగా అనుకోవచ్చు. హామీ అంటే నా లెక్కలో ఇది.

అలాగే “మా వాళ్లెవరైనా” అన్నమాట ఏ క్రెష్‌లోనూ చెల్లదు. పిల్లవాణ్ని తీసుకువెళ్లడానికి ఎవరెవరికి అనుమతి ఉన్నదో చేరిన రోజే రాయించుకుంటాము. ఆ పట్టికలో లేని మనిషి వస్తే, బాబు “బాబాయ్” అంటూ పరుగెత్తి ఆయన కాళ్లను చుట్టుకున్నా సరే, మేము అప్పగించకూడదు. అప్పుడు మనిషి వచ్చి కూడా ఆలస్యం తప్పదు. కాబట్టి ఉత్తరంలో పేరు, ఫోన్ నంబరు రాసి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు నకలు జతచేయండి.

“అనివార్య కారణాలు” మాత్రం తప్పకుండా తీసేయండి. బ్యాంకు ముగింపు తేదీ ఏడాది ముందే అందరికీ తెలిసినది. అది మళ్లీ మార్చి 31న వస్తుంది. తెలిసిన తేదీని అనివార్యం అంటే, ఆ రోజు కూడా ఇలాగే జరుగుతుందని ఆవిడకు అర్థమవుతుంది.

లక్ష్మణ్, కరీంనగర్:
శర్మ గారు మూడు మాటలు పట్టుకొని, నాలుగవదాన్ని వదిలేశారు. “ఆరున్నర వరకు వస్తారు” అన్న వాక్యాన్ని మా వైపు చదివితే ఆరున్నర దాటకుండా వస్తారనే అర్థం. “రేపటి వరకు పైసలు ఇస్తా” అంటే మాకు ఏ సందేహమూ రాదు. అయితే విజయవాడలో ఈ వాడుక ఇలాగే అర్థమవుతుందా?

శర్మ, రాజమహేంద్రవరం:
మాకు అర్థం కాదు. “ఆరున్నర వరకు ఉంటారు” అనవచ్చు గాని, “వరకు వస్తారు” అనడం మా చెవికి తప్పు. “ఆరున్నరకల్లా” అనాలి.

లక్ష్మణ్, కరీంనగర్:
మీ చెవికి కొత్త అనండి, ఒప్పుకుంటాను. తప్పు అంటే మాత్రం ఒప్పుకోను. ఇన్ని జిల్లాల ప్రజలు పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న వాడుకను తప్పు అనడానికి ఆధారం ఏమిటి?

సుజాత, విజయవాడ:
నేను పెరిగింది వరంగల్‌లో, అందుకే ఆ మాట అలవాటుగా వచ్చింది. డైరెక్టరు గారిది కృష్ణా జిల్లా కాబట్టి ఈ ఉత్తరంలో “కల్లా” అనే రాస్తాను.

రమాదేవి, హైదరాబాదు:
“కల్లా” బాగుంది గాని, ఏ పనికి ఆ గడువు అన్నది కూడా చూడండి. “ఆరున్నరకల్లా వస్తాను” అని రాస్తే ఆరున్నరకు మీరు గుమ్మంలో ఉంటారు. అప్పుడు బాబుకు చెప్పులు తొడగాలి, పాలసీసా, విడిచిన బట్టలు సంచిలో సర్దాలి, మీరు రిజిస్టరులో సంతకం చేయాలి. ఆయా తాళం వేసేసరికి పావుతక్కువ ఏడు అవుతుంది. మూసే వేళ అంటే తాళం పడే వేళ. అందుచేత “ఆరుంబావుకల్లా వచ్చి, ఆరున్నరలోగా బాబును తీసుకువెళ్తాను” అని రెండు క్రియలకూ వేర్వేరుగా గడువు పెట్టండి.

ప్రసాద్, డల్లాస్:
మా అమ్మాయి డేకేర్‌లో ఈ ఉత్తరాల అవసరమే రాదు. చేర్చేటప్పుడే ఫారం నింపుతాము, అందులో పేరున్నవాళ్లు వచ్చినా డ్రైవింగ్ లైసెన్సు చూసి గాని పిల్లను ఇవ్వరు. ఒకసారి నేను రాలేక మా బావను పంపాను. ఫారంలో బంధుత్వం దగ్గర అంకుల్ అని ఉంది. మా బావేమో తాను కజిన్‌నని చెప్పాడు. ఇద్దరమూ నిజమే చెప్పాము. వాళ్లు నాకు ఫోన్ చేసి నిర్ధారించుకునేదాకా ఆయన బయట నిలబడ్డాడు.

రమాదేవి, హైదరాబాదు:
ప్రసాద్ గారు చెప్పిన చిక్కు తెలుగులో రాసినా వస్తుంది. “మా బావ” అంటే అక్క భర్త కావచ్చు, భర్త అన్నగారు కావచ్చు, మేనమామ కొడుకు కావచ్చు. “మా అత్తయ్య” అంటే భర్త తల్లి, నాన్నగారి తోబుట్టువు, మేనమామ భార్య, ముగ్గురూ అవుతారు. తలుపు దగ్గర నిలబడిన ఆయాకు తెలియవలసింది తల్లికి ఏమవుతారన్నది కాదు, పిల్లవాడికి ఏమవుతారన్నది. ఆవిడ అడిగేది “మీరు బాబుకు ఏమవుతారండీ?” అనే కాబట్టి, బంధుత్వం బాబు వైపు నుంచి రాయండి.

సుజాత, విజయవాడ:
వచ్చేది మా మరిది. బాబు వైపు నుంచి రాస్తే “బాబాయి” అవుతారు. మా చెల్లెలి భర్త కూడా బాబుకు బాబాయే కదా, ఆయన ఉండేది కూడా ఈ ఊళ్లోనే.

రమాదేవి, హైదరాబాదు:
అయితే “బాబు నాన్నగారి సొంత తమ్ముడు” అని విడమరచి రాయండి. ఎవరూ అలా పిలవరు, అయినా ఆ మాటకు రెండవ అర్థం లేదు. “నాయనమ్మ”, “అమ్మమ్మ” అన్నవాటికి మన ఇళ్లలో ఇంత ఇబ్బంది రాదు.

శర్మ, రాజమహేంద్రవరం:
రమాదేవి గారు చెప్పినదంతా బాగుంది. “అప్పగించగలరు” అని మాత్రం రాయకండి, నా మాట అదే.

రమాదేవి, హైదరాబాదు:
మాస్టారూ, “గలరు” సామర్థ్యానికే అన్నది సగమే నిజమండి. “సభకు హాజరు కాగలరు” అని ఆహ్వానాల్లోనూ, “తెలియజేయగలరు” అని కార్యాలయాల్లోనూ అది మర్యాదైన విన్నపంగా స్థిరపడింది. “మన్నించగలరు” అంటే డైరెక్టరు గారు నొచ్చుకోరు. అయినా అప్పగింత దగ్గర వద్దన్నది నా అభిప్రాయం కూడాను, కారణం వేరు. “అప్పగించగలరు” అన్నా, “అప్పగించవచ్చు” అన్నా అది మీ అనుమతిగా, తుది నిర్ణయం వాళ్లదిగా చదవవచ్చు. “వారికి అప్పగించండి, మరెవరికీ అప్పగించవద్దు” అంటే ఏ సందేహమూ ఉండదు.

శర్మ, రాజమహేంద్రవరం:
వాడుకలో స్థిరపడినంత మాత్రాన సాధువు అయిపోదు. దీనిని మరోసారి విడిగా చర్చిద్దాము.

సుజాత, విజయవాడ:
అందరి సూచనలూ చూసి తిరిగి రాశాను. పేరు, ఫోన్ నంబరు ఇక్కడ వదిలేస్తున్నాను.

“డైరెక్టరు గారికి నమస్కారములు. సెప్టెంబరు 30న నేను 6.30కి బదులు 7.15కు వచ్చాను. ముందుగా మీకు ఫోన్ కూడా చేయలేదు. నా వలన మీకు, బాబు దగ్గర ఉండిపోయిన ఆయా గారికి కలిగిన ఇబ్బందికి మన్నించండి. ఇకపై రోజూ ఆరుంబావుకల్లా వచ్చి, ఆరున్నరలోగా బాబును తీసుకువెళ్తాను. ఆరు గంటలకు నేను ఇంకా బ్యాంకులోనే ఉంటే, బాబు నాన్నగారి సొంత తమ్ముడు బయలుదేరి వస్తారు. ఆ సంగతి మీకు ఆరూ ఐదులోగా ఫోన్ చేసి చెబుతాను. వారి పేరు, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు నకలు ఈ ఉత్తరానికి జతచేశాను. మేమిద్దరమూ రాలేని రోజున బాబు నాయనమ్మ గారు వస్తారు. వారి వివరాలు కూడా జతచేశాను. ఈ ఇద్దరికి, బాబు తల్లిదండ్రులమైన మాకు తప్ప మరెవరికీ బాబును అప్పగించవద్దు. మార్చి 31న, సెప్టెంబరు 30న బ్యాంకు పని ఎక్కువగా ఉంటుంది కనుక ఆ రెండు రోజులూ ఫోన్ కోసం చూడకుండా బాబు బాబాయి గారే ఆరుంబావుకల్లా వస్తారు.”

లక్ష్మణ్, కరీంనగర్:
చివరి వాక్యంలో మళ్లీ “బాబాయి గారే” వచ్చింది, చూడండి.

సుజాత, విజయవాడ:
అవునండి. అక్కడ పేరే రాసి, రేపు ఉదయం ఇచ్చేస్తాను. మరిదిని కూడా వెంట తీసుకువెళ్లి ఆయా గారికి చూపించి వస్తాను.