సహోద్యోగి భార్యను ఏమని పిలవాలి? ఏం మాట్లాడాలి?

వచ్చే శనివారం మా ఆఫీసు వాళ్ల కుటుంబాల విందు. నా పక్క సీటులో పనిచేసే ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. భార్యను, అమ్మగారిని, ఏడేళ్ల పాపను తీసుకొస్తున్నారు.

పోయినసారి ఇంకొకరి భార్యతో "మీరు ఇంట్లోనే ఉంటారా?" అన్నాను. ఆవిడ "ఇంట్లో ఉంటే పని ఉండదనుకున్నారా?" అని నవ్వారు గానీ, చేతిలో ప్లేటు పట్టుకుని మెల్లగా పక్కకు జరిగారు. ఆ తర్వాత వాళ్లాయనతో ఆఫీసు గొడవలే మాట్లాడాను. ఆవిడ అరగంట ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. రెండూ నా తప్పులే.

ఈసారి పెద్దావిడకు నమస్కారం పెట్టి "అమ్మా" అంటాను, అందులో సందేహం లేదు. పాపను మార్కులు అడగను. చిక్కంతా ఆయన భార్య దగ్గరే. "మేడమ్" అంటే బ్యాంకులో మాట్లాడినట్టుంటుంది. "వదినగారూ" అంటే తొలి పరిచయంలోనే చనువు తీసుకున్నట్టవుతుందా? పేరుకు "గారు" చేర్చి పిలిస్తే సరిపోతుందా? "మీ ఆయన మీ గోంగూర పచ్చడి మాకు రోజూ పెడతారు" అని మొదలుపెడదామనుకుంటున్నాను. అది నిజమే, కానీ ఆవిణ్ణి మళ్లీ వంటింటికే పంపినట్టు ఉంటుందా? ఇలాంటి చోట మీరు మొదటి మాట ఎలా కలుపుతారు?