పుస్తకం ఇద్దరిదీ, ముందు ఎవరి పేరు? ప్రెస్సుకు ఇచ్చేలోపు ఏం రాసుకోవాలి?

మత్తడి_హన్మకొండ
నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచరును. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన నర్సంపేట పెద్దాయన ఒకరితో కలిసి పాత వరంగల్ జిల్లా చెరువుల మీద పుస్తకం రాశాను. మా నాన్నగారి స్నేహితులు కాబట్టి బాబాయి అని పిలుస్తాను. పాకాల, రామప్ప, లక్నవరం గురించి చాలామంది రాశారు. మాది ఊరూరి చిన్న చెరువుల పుస్తకం.

ఆయన దగ్గర పదకొండు నోటుపుస్తకాలు ఉన్నాయి. తూము ఎక్కడ, మత్తడి ఏ వైపు దుంకుతుంది, నీరటి ఇంటిపేరు ఏమిటి, అన్నీ నీలి ఇంకుతో రాసుకున్నారు. తూము బొమ్మ పక్కన రాయి ఎత్తు జానల్లో వేసి, కింద ఆ కొలత చెప్పిన ముసలాయన పేరు కూడా రాశారు. వాటిని చదువుతూ, అర్థం కానివి ఆయన్ని అడుగుతూ మూడేళ్లలో 216 పేజీలు రాశాను. ప్రతి అధ్యాయం చదివి వినిపించాను, ఆయన దిద్దారు.

ఇప్పుడు చిక్కులు మొదలయ్యాయి. తన పేరు ముందు ఉండాలంటున్నారు. చివర తన ఉద్యోగ జీవితం మీద ఒక అధ్యాయం చేర్చాలంటున్నారు. నేను చదివాను, సగం పాత అధికారుల మీద కోపమే. డబ్బు సంగతి ఇద్దరం ఎత్తలేదు. అచ్చు ఖర్చు మాత్రం నాదే. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పద్యప్రియ
అమ్మా, తిరుపతి వేంకట కవులు ఒప్పంద పత్రం రాసుకున్నారా? ఎవరు ఏది రాసినా ఇద్దరి పేరుతోనే వేశారు. తిరుపతి శాస్త్రిగారు పోయాక కూడా చెళ్లపిళ్ల వారు ఆ జంట పేరు వదల్లేదు. స్టాంపు పేపరు తెచ్చిన రోజే స్నేహం చెడుతుంది. పేర్లు అకారాది క్రమంలో వేసేయండి. మరీ భయంగా ఉంటే కాపీరైటు రిజిస్టర్ చేయించండి, ఇక ఏ గొడవా రాదు.

ప్రూఫుల_పరంధాముడు
పద్యప్రియగారి మాటలో సగం నిజం ఉంది. ఆ జంటకూ ఒప్పందం ఉంది, కాకపోతే అది కాగితం మీద కాక నోటి మీద ఉంది. ఎవరు రాసినా ఇద్దరిదీ అన్నదే ఆ ఒప్పందం. టీచరుగారికి లేనిదే అది. రిజిస్ట్రేషన్ సంగతికి వస్తే, రాసిన క్షణాన్నే హక్కు పుడుతుంది, అందుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చేయించినా మీ ఇద్దరిలో ఎవరి వాటా ఎంతో అది తేల్చదు.

నేను పద్దెనిమిదేళ్లు చిన్న ప్రచురణ సంస్థ నడిపాను. టీచరుగారూ, మీరు అడగని ప్రశ్న ఒకటి ముందు తేలాలి. బాబాయిగారు రచయితా, సమాచారం ఇచ్చిన మనిషా? సమాచారం మాత్రమే ఇస్తే కాపీరైటు రాదు, వాస్తవాలు ఎవరి సొత్తూ కావు. కానీ ఆయన నోటుపుస్తకాల్లోని వాక్యాలు, బొమ్మలు ఆయన రచనే. పైగా ప్రతి అధ్యాయం విని దిద్దారని మీరే అంటున్నారు.

ఇలాంటిదే ఒక పెద్ద తగాదా కోర్టుకు వెళ్లింది. మౌలానా ఆజాద్ తన జ్ఞాపకాలు ఉర్దూలో చెబుతుంటే హుమాయూన్ కబీర్ ఇంగ్లిషులో రాశారు, రాసినదాన్ని ఆజాద్ చదివి సరిచేశారు. అందులో 30 పేజీలు 30 ఏళ్లు సీలులో ఉండి, బయటికి తీసే వేళకు ఢిల్లీ హైకోర్టులో వివాదమైంది. చెప్పినవారినీ రాసినవారినీ సహ రచయితలుగానే చూడాలని కోర్టు అభిప్రాయపడింది. మీ కథ దానికి దగ్గరగా ఉంది. కాబట్టి ఆయనను తేలిగ్గా పక్కన పెట్టలేరు, ఆయన మిమ్మల్నీ పెట్టలేరు.

శిఖం_భూమి
మేడం, మాది పరకాల వైపు. మా ఊరి చెరువు శిఖం సగం కబ్జా అయింది. ఆ నోటుపుస్తకాల్లో పాత హద్దులు ఉన్నాయా? ఉంటే ఫొటో తీసి పంపగలరా?

మత్తడి_హన్మకొండ
అన్నా, ఇక్కడ అడిగింది పుస్తకం సంగతి. అయినా బాబాయిని అడుగుతాను. అవి ఆయనవి, ఆయన్ని అడగకుండా నేను ఇవ్వకూడదు.

గ్రూప్స్_పాతకాపు
పేరు వరుస కంటే పెద్ద తంటా తర్వాత వస్తుంది, నా సంగతి వినండి. నేనూ నా మిత్రుడూ పోటీ పరీక్షల గైడు రాశాం. కాజీపేటలో ఒకే గదిలో ఉండేవాళ్లం, సగం సగం అనుకున్నాం. రెండో ఏటికి అతనికి ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. సిలబస్ మారినప్పుడల్లా నేనే తిరగరాశాను. అతనికి సగం పోతూనే ఉంది. నాలుగో ముద్రణలో అతని పేరు తీసేసి వేశాను. నోటీసు వచ్చింది, పంపిణీదారు అమ్మకం ఆపేశాడు. నాలుగేళ్లయింది, ఇంకా తేలలేదు. కట్టలు మా మేడ మీద ఉన్నాయి, అట్టలు చెదలు తింటున్నాయి.

ప్రూఫుల_పరంధాముడు
అన్నా, పేరు తీసేయడమే మీ తప్పు. మొదటి ముద్రణలోని అతని వాక్యాలు నాలుగోదాంట్లోనూ ఉన్నాయి కదా. రాసినవాడి పేరు ఉండాల్సిందే, ఆ హక్కు డబ్బు వాటాతో పోదు. వాటా మాత్రం ముద్రణ ముద్రణకూ మారేలా ముందే రాసుకోవచ్చు. తిరగరాసిన పేజీలు మూడో వంతు దాటితే తిరగరాసినవారి వాటా ఇంత పెరుగుతుందని ఒక లెక్క పెట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చిన జంటల్లో ఇది ఆలోచించినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

గ్రూప్స్_పాతకాపు
అప్పుడు ఎవరూ చెప్పలేదు. అయినా నాలుగో ముద్రణలో అతని వాక్యాలు ఎన్ని మిగిలాయని? ఆ తప్పు నేను ఒప్పుకోను.

మత్తడి_హన్మకొండ
పరంధాముడుగారూ, మా లెక్క చూడండి. 500 ప్రతులకు ప్రెస్సు వారు 60,000 అన్నారు. డీటీపీ, ముఖచిత్రం కలిపి 12,000. మొత్తం నేనే పెడుతున్నాను. వెల 250 అనుకుంటున్నాం. సగం సగం అంటే న్యాయమేనా?

ప్రూఫుల_పరంధాముడు
దేనిలో సగం? అది చెప్పకుండా సగం అన్న మాటకు అర్థం లేదు.

పెట్టుబడి 72,000. చెరో 30 ప్రతులు పంచిపెడతారు, పంచకుండా తెలుగు రచయిత ఎవరూ ఉండలేరు. మిగిలేవి 440. పుస్తకాల షాపు 40 శాతం కమీషన్ తీసుకుంటే మీ చేతికి ప్రతికి 150 వస్తుంది. అన్నీ షాపుల్లోనే అమ్ముడుపోయినా 66,000. అంటే ఆరు వేలు నష్టం. సభల్లో, స్కూళ్లలో మీరే 200 ప్రతులు ఒక్కోటి 200కు అమ్మితే 40,000, మిగతా 240 షాపుల్లో 36,000, మొత్తం 76,000. అంటే ఒక్క ప్రతీ మిగలకపోతే మీరిద్దరూ పంచుకునేది నాలుగు వేలు. షాపు డబ్బు అమ్మాక చాలా నెలలకు వస్తుంది, కొంత రానే రాదు.

కాబట్టి ఈ మాట రాసుకోండి. ఎవరి చేతికి ఏ రూపాయి వచ్చినా, ముందు పెట్టుబడి పెట్టినవారి 72,000 తీరాలి, తర్వాతే వాటాలు. నష్టం వస్తే ఎవరు భరిస్తారో కూడా రాయండి. లాభం గురించి అందరూ రాసుకుంటారు, నష్టం మాట ఎవరూ ఎత్తరు. అమ్మకం లెక్క ఒకరే చూసేటట్లయితే ఆరు నెలలకోసారి రెండోవారికి కాగితం మీద చూపించాలి.

రెండో ముద్రణకు డీటీపీ ఖర్చు ఉండదు. అనువాద హక్కో, పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయమో అడిగితే అదీ ఆదాయమే. అసలు డబ్బు వస్తే అక్కడే వస్తుంది, తగాదా కూడా అక్కడే. మన దేశంలో సహ రచయితల్లో ఒక్కరే సంతకం పెట్టి ప్రచురణ హక్కు ఇవ్వడం కుదరదని కోర్టులు అన్నాయి. అందుకే ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఎవరికైనా అనుమతి అని రాయండి. ఒకరికి ఉత్తరం పంపిన నెలలోపు జవాబు రాకపోతే అంగీకరించినట్టే అన్న వాక్యం కూడా చేర్చండి.

లష్కర్_బజార్_లక్ష్మి
మీ బాబాయిగారి వయసెంత టీచర్? ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా మామగారి పుస్తకం రెండోసారి వేయడానికి ముగ్గురు కొడుకుల సంతకాలు కావలసి వచ్చింది. ఒకరు డల్లాస్‌లో. ఆయన పుస్తకం చదవనే లేదు, కానీ సంతకం పెట్టనన్నారు.

మత్తడి_హన్మకొండ
71. ఇద్దరు కొడుకులు, ఒకరు పుణెలో.

ప్రూఫుల_పరంధాముడు
లక్ష్మిగారు అడిగినది అసలు సంగతి. ఇద్దరు కలిసి రాసిన పుస్తకానికి కాపీరైటు, చివర పోయినవారి మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అంటే మీ ఇద్దరి పిల్లలూ మనవలూ ఇందులోకి వస్తారు. పునర్ముద్రణ నిర్ణయం బతికున్నవారిది, డబ్బు వాటా మాత్రం వారసులకు అని రాసి, ఆయన కొడుకులను సాక్షులుగా సంతకం పెట్టమనండి. అప్పుడు తెలియదు అనడానికి ఉండదు.

కోట_వాకిలి
మరి పేరు వరుస? ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. 216 పేజీలు ఆవిడ రాస్తే ఆయన పేరు ముందా? ఇది అన్యాయం. లైబ్రరీ వాళ్లు మొదటి పేరు మీదే కార్డు రాస్తారు, రెండోవారి పేరు దాని వెనకే. ‘సేకరణ: ఆయన, రచన: మీరు’ అని వేసేస్తే సరి.

ప్రూఫుల_పరంధాముడు
లోపలి పేజీలో రచయిత అని ఎవరి పేరు అచ్చయితే, కాదని రుజువయ్యేదాకా కోర్టు వారినే రచయితగా భావిస్తుంది. ‘సేకరణ’ అని వేస్తే ఆయన రచయిత కాదని మీరే అచ్చులో చెప్పినట్టు. అది ఆయన ఒప్పుకొని సంతకం పెడితే వేరే సంగతి, చెప్పకుండా వేస్తే మోసం. వరుస సంగతి చట్టం చెప్పదు, మర్యాదే చెప్పాలి.

కోట_వాకిలి
మర్యాద అంటే ఎప్పుడూ ఆడవాళ్ల పేరే వెనక్కి పోతుంది. నేను ఒప్పుకోను.

పద్యప్రియ
పెద్దవారి పేరు ముందు ఉంటే పోయేదేముంది?

ప్రూఫుల_పరంధాముడు
దీని మీద మీరిద్దరూ వేరే చర్చ పెట్టుకోండి. ఆ అధ్యాయం సంగతి తేలలేదు. టీచరుగారూ, ఎవరి అధ్యాయం వారిదని విడగొట్టి, పేరు వేసి అచ్చు వేస్తే అది ఉమ్మడి రచన కాదు, ఆ అధ్యాయం ఆయన ఒక్కరిదే అవుతుంది. అనుబంధంగా ఆయన పేరుతో వేయడం ఒక దారి. కానీ అందులో బతికున్న అధికారుల పేర్లు ఉంటే పరువునష్టం కేసు రచయిత మీదికే కాదు, ప్రచురణకర్త మీదికీ వస్తుంది. డబ్బు పెట్టి వేస్తున్నది మీరు, అంటే ఆ ప్రచురణకర్త మీరే. కాబట్టి వద్దనే హక్కు మీకు ఉందని ముందే రాసుకోవాలి. ఇద్దరికీ కుదరనప్పుడు ఎవరి మాట వినాలో ఆ మూడో మనిషి పేరూ ఇప్పుడే రాయండి, గొడవ వచ్చాక ఆ పేరు మీద కూడా గొడవే.

మత్తడి_హన్మకొండ
(పదిరోజుల తర్వాత) మొన్న బాబాయి ఇంట్లో కూర్చుని రాసుకున్నాం. ముఖచిత్రం మీద ఆయన పేరు ముందు, నాది తర్వాత. కోట_వాకిలిగారు క్షమించాలి, అది నా నిర్ణయమే. లోపలి పేజీలో ఇద్దరికీ ‘రచన’ అనే ఉంటుంది. నోటుపుస్తకాలు ఎవరివి, వాక్యాలు ఎవరివి అన్నది ముందుమాటలో నాలుగు వాక్యాల్లో చెబుతాం. పెట్టుబడి తీరాక సగం సగం. నష్టం వస్తే మూడో వంతు తాను ఇస్తానని ఆయనే అన్నారు, నేను అడగలేదు. పుణె అబ్బాయి ఫోనులో విన్నాడు, సంతకం పండక్కి వచ్చినప్పుడు పెడతానన్నాడు.

మూడో మనిషి పేరు దగ్గర ఆగిపోయాం. నేను చెప్పినవారు ఆయనకు నచ్చలేదు, ఆయన చెప్పినవారు ఆ అధ్యాయంలో ఉన్నారు. అధ్యాయం ప్రస్తుతానికి పుస్తకంలో లేదు. వచ్చేటప్పుడు పన్నెండో నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు, ఇది ఎప్పుడూ చూపించలేదు. ఇంకా తెరవలేదు.

శిఖం_భూమి
మేడం, అందులో పరకాల వైపు చెరువులు ఉన్నాయేమో ఒకసారి చూడండి.